ఎడమకి వెళ్లాలంటే ఎడమ చెయ్యి ముందుకి

సుంకి నుంచి సాలూరు వైపు ఘాట్ దిగుతున్నాను. ఎడమకి తిరిగే ఒక మలుపులో బండి నా మాట వినలేదు. స్పీడు యాభై దాటి ఉంటుంది. రోడ్డు ఎడమకి పోతోంది, బైకు మాత్రం నెమ్మదిగా మధ్య గీత వైపు జరిగిపోతోంది. కంగారులో హ్యాండిల్‌ని ఎడమకి తిప్పడానికి గట్టిగా బలం పెట్టాను. బండి తిరగలేదు సరికదా, నిటారుగా లేచి ఇంకా కుడికి పోయింది. ఎదురుగా లోడు లారీ. ఎక్కుతున్న లారీ కాబట్టి నెమ్మదిగా వస్తోంది, డ్రైవరు పక్కకి తీసి దారిచ్చాడు. లేకపోతే ఇది రాసేవాడిని కాదు.

విజయనగరం వచ్చాక మా చిన్న మావయ్యకి చెప్పాను. ఆయనకి మెకానిక్ షెడ్డు ఉంది. "హ్యాండిల్ ఎటు తిప్పావురా?" అన్నాడు. "ఎడమకే మావయ్యా, రోడ్డు ఎటుంటే అటే కదా" అన్నాను. "అదే నువ్వు చేసిన తప్పు" అన్నాడు. పదిహేనేళ్లుగా బండి నడుపుతున్నవాణ్ని, కొంచెం రోషం వచ్చింది.

ఆదివారం పొద్దున్నే ఊరి బయట, ఇళ్లు ఇంకా కట్టని ఒక లేఅవుట్‌లోని తారు రోడ్డుకి తీసుకెళ్లాడు. నలభై స్పీడులో నేరుగా పొమ్మన్నాడు. వేళ్లు వదులు చేసి, ఎడమ గ్రిప్‌ని అరచేత్తో కొంచెం ముందుకి నెట్టమన్నాడు. ఎడమ గ్రిప్‌ ముందుకి వెళ్తే చక్రం కుడికి తిరుగుతుంది కదా, కుడికే పోతాననుకున్నాను. బండి టక్కున ఎడమకి వాలి, ఎడమకే తిరిగింది. నమ్మకం కలగక పది సార్లు చేశాను. ప్రతిసారీ అంతే.

ఎందుకంటే చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడేవాళ్లం, గుర్తుందా? కర్ర పై కొస ఎడమకి వాలాలంటే చెయ్యి ముందు కుడికి జరపాలి. బైకుకి టైరు నేలని తాకే చోటే ఆ అరచెయ్యి. ఎడమ గ్రిప్ నెట్టగానే చక్రం క్షణకాలం కుడికి పోతుంది, పైనున్న బరువు ఎడమకి వాలుతుంది. వాలాక ముందు చక్రం తనంతట తానే ఎడమకి తిరిగి మలుపు పట్టుకుంటుంది. ఆ మొదటి కదలిక చాలా చిన్నది. అందుకే ఇన్నేళ్లూ తెలియకుండానే చేస్తూ వచ్చాను. భయం వేసినప్పుడు మాత్రం బుర్ర అడ్డొచ్చి, "రోడ్డు వైపు తిప్పు" అంది. ఎడమకి తిప్పడమంటే కుడి గ్రిప్‌ని నెట్టడమే. అప్పటిదాకా ఎంతో కొంత వాలి ఉన్న బండిని నేనే లేపేశాను.

విమానం చేసిన రైట్ సోదరుల్లో విల్బర్ కూడా సైకిల్ విషయంలో ఇది గమనించాడు. ఎడమకి ఎలా తిరుగుతారని సైకిల్ తొక్కేవాళ్లని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదట. నాకు కాస్త ఊరట.

షెడ్డు ముందు, బజారులో నడకంత స్పీడులో తిప్పితే ఇది కనబడదు. అక్కడ హ్యాండిల్ ఎటు తిప్పితే అటే. ఇరవై దాటాక క్రమంగా తేడా తెలుస్తుంది, నలభైలో స్పష్టంగా ఉంటుంది.

ఎంత వాలాలి అన్నది స్పీడుని బట్టి. 40 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో 50 కిలోమీటర్ల స్పీడుకి సుమారు 26 డిగ్రీలు వాలాలి. అదే 60కి 35 దాకా పోతుంది. స్పీడు పది పెరిగితే వాలు తొమ్మిది డిగ్రీలు! లెక్క చూశాక నాకు నిజంగా భయం వేసింది. కాబట్టి బ్రేకు పని మలుపు ముందే అయిపోవాలి. వాలి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టినా బండి నిటారుగా లేస్తుంది. ఇసుక, తడి ఉంటే అసలు వాలడానికే ధైర్యం చెయ్యకూడదు, నెమ్మదిగా పోవడమే.

నెల తర్వాత మళ్లీ అదే మలుపు. ముందే నలభైకి దించి, చూపుని మలుపు చివర పెట్టి, ఎడమ గ్రిప్ నెట్టాను. మధ్యలో కొంచెం బయటికి పోతోంది అనిపిస్తే ఇంకాస్త నెట్టాను, లోపలికి వచ్చింది. దాటాక కుడి గ్రిప్ నెడితే బండి లేచి నిలబడింది.

ఒక్కటి మిగిలింది. నేరుగా పోతున్నప్పుడు కూడా బండి సన్నగా అటూ ఇటూ ఊగుతుండేది. మావయ్య సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్ మెల్లగా తిప్పించాడు. సరిగ్గా మధ్యలో పట్టేసినట్టు ఆగింది. హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల కోన్‌సెట్ పోయింది. ఆ మాత్రం పట్టు ఉన్నా ముందు చక్రం తనంతట తాను తిరగలేదు. అది మార్పించాక, ఘాట్‌కి వెళ్లే ముందు రోజు రాత్రి ఆ పరీక్ష నేనే చేసుకుంటున్నాను.