ఆదివారం ఎవరిది?

మస్కట్‌లో నాకు ఆదివారం పనిరోజు, సెలవు శుక్ర, శనివారాల్లో. పలాసలో మా బావ జీడిపప్పు అమ్మే వెబ్‌సైటును చూసుకునే కుర్రాడికి ఆదివారమే సెలవు. ఒక శనివారం రాత్రి, సైటుకు తగిలించిన ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి దానంతట అదే అప్‌డేట్ అయింది. డబ్బు కట్టే బటన్ నొక్కితే తెల్లపేజీ తప్ప ఏమీ రావడం లేదు. ఆదివారం పొద్దున్నే నేను పంపిన సందేశాన్ని అతను సోమవారం చూశాడు. కోపం వచ్చింది కానీ తప్పుపట్టలేను. ఎప్పటిలోగా చూడాలో మేము ఏనాడూ మాట్లాడుకోలేదు.

సెలవుకు వచ్చినప్పుడు శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర అతని గదిలో కూర్చున్నాం. నెలకు రూ.4,000 అన్నాడు. చెడితే 2 గంటల్లో బాగుచేయాలన్నాను.

"చూస్తానని మాట ఇవ్వగలను అన్నయ్యా, బాగవుతుందని ఇవ్వలేను. లోపం చెల్లింపుల కంపెనీ వైపు ఉంటే నేనేం చేయగలను?"

నిజమే. చివరికి ఇలా రాసుకున్నాం: ఆర్డర్లు ఆగిపోతే ఆదివారమైనా సరే 2 గంటల్లో చూసి, కారణం ఏమిటో బావకు ఫోన్ చేసి చెప్పాలి. అక్షరదోషం లాంటివైతే రెండు పనిదినాలు. ధరలు మార్చడం వంటి చిన్న పనులు నెలకు 3 గంటల వరకు ఆ డబ్బులోనే. కొత్త పేజీ కావాలంటే వేరే లెక్క.

ఎక్కువసేపు మాట్లాడింది అప్‌డేట్ల గురించే. చెడితే నిన్నటి బ్యాకప్ పెట్టేస్తే సరి అనుకునేవాణ్ణి. మొత్తం బ్యాకప్ వెనక్కి పెడితే ఆ తర్వాత వచ్చిన ఆర్డర్లు కూడా చెరిగిపోతాయట! డబ్బు కట్టినవాళ్ల వివరాలు మన దగ్గర ఉండవు. అందుకే చెడిన ప్లగిన్ ఒక్కదాన్నే పాత వెర్షన్‌కు మార్చాలి. అంతకన్నా ముందు, ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి, సైటు నకలులో అప్‌డేట్ చేసి, ఒక ఆర్డరు పెట్టి చూసి, మంగళవారం ఉదయమే అసలు సైటులో పెట్టాలి. ఏదైనా తేడా వస్తే సరిచేయడానికి వారంలో ఇంకా రోజులుంటాయి. భద్రతకు సంబంధించిన అప్‌డేట్ అయితే మాత్రం మంగళవారం కోసం ఆగకూడదు.

మరి తుపాను వస్తే? 2018 అక్టోబరులో తిత్లీ తర్వాత పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు గంటలు లెక్కపెట్టనని ఒప్పుకున్నాను. బదులుగా విజయనగరంలో ఉండే అతని స్నేహితుడికి కూడా లాగిన్ ఇచ్చాం. డొమైన్ మాత్రం బావ పేరు మీదే ఉంచాం.

లేవబోతుంటే గుర్తొచ్చింది. రాత్రి 9 వరకు చూస్తానన్నాడు కదా, ఎవరి 9? ఇక్కడ 9 అయ్యేసరికి మస్కట్‌లో ఏడున్నర, నేను డ్యూటీ దిగి బస్సులో ఉంటాను. 10 చేయమన్నాను. తొమ్మిదిన్నర దగ్గర బేరం తెగింది.