అంతర్వేది ఇసుకలో డ్రోన్ ఎగరేసే ముందు

ఈ రోజు పని అంతర్వేదిలో. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, అన్నాచెల్లెళ్ల గట్టు వైపు, ఒక కాబోయే జంటకి వీడియో తీయాలి. సూర్యోదయం వెలుతురే కావాలన్నారు. అందుకని సామాను సర్దుడంతా నిన్న రాత్రే ముగించాను. మేనల్లుడు ఈ మధ్యే నాతో పనికి వస్తున్నాడు. వాడికి అర్థమయ్యేలా ప్రతిదీ పైకి చెబుతూ చేశాను.

బ్యాటరీలతో మొదలుపెట్టాం. పని లేని రోజుల్లో వాటిని సగం పైచిలుకు చార్జింగ్‌తోనే ఉంచుతాను. ఫుల్ చేసి వారాల తరబడి అలా వదిలేస్తే, అందులోనూ మన ఎండలకి, ఉబ్బిపోతాయి. ఉబ్బిందీ లేనిదీ తెలియాలంటే నున్నటి గచ్చు మీద పెట్టి వేలితో ఓ మూల నొక్కితే చాలు. ఊగిందంటే ఇక అది ఎగరడానికి పనికిరాదు. మూడూ ఊగకుండా నిలబడ్డాయి. మూడూ నూరు శాతం చూపించాయి.

కానీ ఆ నూరు మొత్తం బ్యాటరీ లెక్క. లోపల సెల్స్ ఒక్కోటి ఎలా ఉందో అది చెప్పదు. అందుకే ఒక్కో బ్యాటరీ వేసి పెరట్లో డ్రోన్‌ని తలెత్తులో కాసేపు నిలబెట్టి, యాప్‌లో సెల్ వోల్టేజీలు చూశాను. మొదటి రెండింట్లో సెల్స్ అన్నీ కలిసే దిగుతున్నాయి. మూడోదాంట్లో ఒక సెల్ మాత్రం మిగతావాటికన్నా 0.15 వోల్టులు కిందికి జారింది. నేల మీద ఉన్నంతసేపూ తేడా కనపడలేదు. మోటార్లు కరెంటు లాగడం మొదలయ్యాకే బయటపడింది.

"నూరు చూపిస్తోంది కదా మావయ్యా, పక్కన పెట్టడం ఎందుకు?" అన్నాడు వాడు.

"ఆ ఒక్క సెల్ ముందు ఖాళీ అయిపోతుందిరా. స్క్రీన్ మీద ఇంకా ముప్పై ఉండగానే వోల్టేజీ ఒక్కసారిగా పడిపోవచ్చు. అప్పుడు డ్రోన్ ఉన్నచోటే దిగిపోతుంది. పొలం మీదయితే వెతుక్కుంటాం. సముద్రం మీదయితే?"

దానికి ఎర్ర టేపు చుట్టి విడిగా పెట్టాను. నా వరకు 0.1 వోల్టు తేడా దాటిన బ్యాటరీ నీళ్ల మీదికి వెళ్లదు.

మెమరీ కార్డుల విషయంలో నాది ఒకటే పట్టు. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ కార్డు కూడా మారుస్తాను. నా డ్రోన్ 4కే వీడియోకి సెకనుకి 100 మెగాబిట్లు రాస్తుంది, అంటే నిమిషానికి సుమారు 750 మెగాబైట్లు. 64 జీబీ కార్డులో గంట పైనే పడుతుంది. చోటు చాలదని కాదు మార్చడం. రెండోసారి ఎగిరినప్పుడు డ్రోన్ నీళ్లపాలైనా, మొదటిసారి తీసింది నా జేబులో ఉంటుంది. పాతవి కాపీ చేసుకున్నాక ఫార్మాట్ మాత్రం కంప్యూటర్లో కాదు, డ్రోన్‌లో పెట్టే చేస్తాను.

అనుమతుల సంగతి ఇక్కడ కాస్త తేలికే. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్. రాజమండ్రి విమానాశ్రయం చాలా దూరం. కాబట్టి 400 అడుగుల వరకు, అంటే సుమారు 120 మీటర్లు, విడిగా అనుమతి అక్కర్లేదు. అయినా రాత్రి చూసిన మ్యాప్‌ని పొద్దున బయల్దేరే ముందు మళ్లీ చూశాను. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం అవసరమైతే 96 గంటల వరకు ఒక ప్రాంతాన్ని తాత్కాలిక రెడ్ జోన్, అంటే అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు, చేయవచ్చు. పెద్దవాళ్ల పర్యటనలప్పుడు, తీర్థం రోజుల్లో దీన్ని కనిపెట్టుకుని ఉండాలి. నా డ్రోన్ 250 గ్రాములు దాటుతుంది, పైగా డబ్బులు తీసుకుని చేసే పని. అందుకని రిమోట్ పైలట్ సర్టిఫికెట్, డ్రోన్ గుర్తింపు నంబరు యూఐఎన్ కాగితం, ఇన్సూరెన్స్ ఒకే కవర్లో పెట్టుకుంటాను. పోలీస్ స్టేషన్లో ముందే ఒక లెటర్ ఇచ్చి ఉంచాను. పెళ్లికూతురి తరఫువాళ్లు గుడి గోపురం మీంచి ఒక షాట్ అడిగారు. దేవస్థానం వాళ్లు ఒప్పుకుంటే తప్ప తీయనన్నాను. "ఆయ్, అలాగేనండి" అన్నారు.

అంతర్వేదిలో నేను ఎక్కువ భయపడేది ఇసుకకే. గోదావరి దక్కను పీఠభూమి నల్లరాళ్ల మీంచి మోసుకొచ్చే ఇసుకలో ఇనుము కలిసిన నల్ల రేణువులు ఉంటాయి. ఒడ్డున కెరటం వెనక్కి లాగినచోట నల్లటి చారలుగా కనిపించేవి అవే. మేనల్లుడికి చూపించాలని ఒక అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ చార మీద అటూఇటూ తిప్పాను. కాగితం నిండా నల్లటి నూగు లేచి నిలబడింది. డ్రోన్ మోటారు గిన్నె లోపల ఉన్నవీ అయస్కాంతాలే. ఇసుకలోంచి నేరుగా లేపితే రెక్కల గాలికి ఎగిసిన రేణువులు లోపలికి పోయి అతుక్కుంటాయి. మామూలు ఇసుకైతే ఊదితే పోతుంది, ఇది పోదు. వేలితో మోటారు మెల్లగా తిప్పితే గరగరమంటుంది. అలా ఉన్నప్పుడు సెల్లో టేపు జిగురు వైపు అంచు మీద అద్ది అద్ది తీయాలి.

అందుకే ప్లాస్టిక్ మడత బల్ల తీసుకెళ్లాను. చుట్టూ టార్పాలిన్ పరిచి నాలుగు మూలలా నీళ్ల సీసాలు పెట్టాం. కారు బానెట్ మీంచి లేపితే సులువు కదా అన్నాడు వాడు. ఆ ఇనుము పక్కన దిక్సూచి సెన్సార్ తప్పుతుంది. లేచాక డ్రోన్ చెప్పిన వైపు కాక వేరే వైపు జరుగుతుంది.

బల్ల మీద పెట్టి రెక్కలు చూశాను. కంటికి బాగానే ఉన్నాయి. గోటితో అంచు వెంట రాస్తూ పోతే ఒకదాని చివర చిన్న నొక్కు తగిలింది. ఇంత చిన్నదే వణుకు పుట్టిస్తుంది, వీడియోలో గీతలన్నీ మెలికలు తిరుగుతాయి. ఒకే మోటారుకున్న రెక్కలు జోడీగా తూకం చూసి ఇస్తారు కాబట్టి రెండూ మార్చాను, స్క్రూలతో సహా. మొదట్లో, అంటే రెక్క మోటారుకి అతికే చోట, సన్నటి తెల్ల గీత ఉందేమో కూడా చూడాలి. అది పగుళ్లకి మొదలు.

ఆన్ చేశాక శాటిలైట్లు దొరికి హోమ్ పాయింట్, అంటే డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు, నమోదయ్యేవరకు ఆగాను. తిరిగొచ్చే ఎత్తు 50 మీటర్లు పెట్టాను, కొబ్బరి చెట్లకీ సరుగుడు తోపుకీ బాగా పైన. రెండు మీటర్ల ఎత్తులో అరనిమిషం నిలబెట్టాను. పక్కకి జారలేదు, చప్పుడు ఒకేలా ఉంది.

తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు తోస్తుంది. పోయేటప్పుడు హాయిగా పోతుంది, వచ్చేటప్పుడు ఎదురు. అందుకని బ్యాటరీ సగానికి రాగానే వెనక్కి తిప్పాను. ఒడ్డుకి చేరేసరికి ముప్పై కంటే కాస్త ఎక్కువ మిగిలింది. నది నీరు ఒక రంగు, సముద్రం ఒక రంగు, మధ్యలో ఆ గీత వెంట జంట నడుస్తున్నట్టు వచ్చిన షాట్ రెండో బ్యాటరీలో దొరికింది. చాలా బాగా వచ్చింది.

"ఇంకో బ్యాటరీ ఉంది కదండీ, పడవలు వెళ్తున్నాయి, ఒక్కసారి పంపండి" అన్నాడు పెళ్లికొడుకు.

"దాన్ని నీళ్ల మీదికి పంపనండి. సరుగుడు తోపులో చేతి కెమెరాతో తీద్దాం రండి" అన్నాను. మొహం కొంచెం చిన్నబోయింది గానీ వచ్చాడు.

ఇంటికొచ్చాక మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో ఉప్పు తుడిచి, మోటార్లు ఒక్కోటీ తిప్పి చూశాను. రెండు కార్డులూ రెండు డిస్కుల్లోకి ఎక్కించాను. మంచి బ్యాటరీలు రెండూ చల్లారాక సగం పైకి చార్జ్ చేసి ఆపాను. ఎర్ర టేపుది పూర్తిగా డిశ్చార్జ్ చేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వాలి. కొత్తది రేపు ఆర్డరు పెట్టాలి. ఎల్లుండి రావులపాలెంలో అరటి తోట కొలతల పని ఉంది. అక్కడికి ఈ రెండూ సరిపోతాయి.