మూడేళ్ల మనవరాలితో పగలంతా: నిద్ర వేళ మార్చాక

అమ్మాయీ అల్లుడూ పనికి వెళ్తే మూడేళ్ల మనవరాలు పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా నా దగ్గరే. మొదటి నెల నాకు చుక్కలు కనిపించాయి. సాయంత్రం ఆరు దాటితే చాలు, ఏ చిన్న మాటకైనా నేల మీద పడి ఏడ్చేది. సరిగ్గా అప్పుడే వాళ్లమ్మ గుమ్మంలో అడుగు పెట్టేది. రాత్రి పదకొండైనా పడుకోవడం లేదని అమ్మాయి గోల. "నాన్నా, పగలు అసలు పడుకోబెట్టొద్దు" అంది ఒకరోజు. అదీ చేసి చూశాను. నాలుగున్నరకే చిరాకు మొదలైంది, ఐదున్నరకి సోఫాలోనే నిద్రపోయింది, రాత్రి మరీ ఆలస్యమైంది.

అప్పుడు వారం రోజులు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టాను. ఎప్పుడు లేచింది, ఎప్పుడు తింది, ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు ఏడ్చింది, అంతే. చూస్తే విషయం తేలిపోయింది. ఏడుకి లేస్తోంది. పొద్దున్నంతా టీవీ ముందు కూర్చోవడంతో ఆకలి వేయక రెండింటికి తింటోంది. మూడున్నరకి పడుకుని ఐదున్నరకి లేస్తోంది. ఐదున్నరకి లేచిన పిల్లకి తొమ్మిదింటికి నిద్ర ఎలా వస్తుంది? ఈ వయసు పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలంటారు. మా పాపకి 10 గంటలే దక్కుతోంది, అదీ ముక్కలు ముక్కలుగా. సాయంత్రం ఏడుపు మొండితనం కాదు, తీరని నిద్ర.

నిద్రని ఒక్కసారిగా ముందుకి లాగలేం. రెండు రోజులకొకసారి పదిహేను నిమిషాలు చొప్పున జరిపాను, భోజనాన్నీ దానితో పాటే. మూడు వారాలు పట్టింది. ఇప్పుడు పన్నెండుంబావుకి భోజనం, ఒంటిగంటకి నిద్ర. రెండుంబావు దాటితే కర్టెన్ తీసి నెమ్మదిగా లేపుతాను. హాయిగా పడుకున్న పిల్లని లేపడానికి మొదట్లో నాకు మనసొప్పలేదు. కానీ రాత్రి తొమ్మిదింబావుకి నిద్రపోవడం మొదలుపెట్టాక ఆ బెంగ పోయింది. మొత్తం పదకొండు గంటలు పడుకుంటోంది.

అసలు కిటుకు పొద్దుటి ఆటలో ఉంది. ఒళ్లు అలిస్తేనే ఆకలీ నిద్రా వేళకి వస్తాయి. తొమ్మిదింటికి ఆరుబయటికి తీసుకెళ్తాను. నా మోకాళ్లు పరుగెత్తనివ్వవు కాబట్టి నేను ఒకచోట కూర్చుని పని చెబుతాను. "ఆ చెట్టుని ముట్టుకుని రా", "ఇప్పుడు కప్పలా గెంతుతూ రా", "ఒక ఎండుటాకు తే, దానికంటే పెద్దది ఇంకోటి తే." కదలకుండా కూర్చున్న తాత కోసం అది గంటసేపు ఉరుకుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చాక నీళ్లాట. ఎక్కువ సేపు ఒకే ఆటలో నిలిచేది ఇదొక్కటే. వెడల్పాటి పళ్లెంలో రెండు వేళ్ల లోతు నీళ్లు, రెండు ప్లాస్టిక్ గ్లాసులు, ఒక గరిటె, ఒక స్పాంజి. పోయడం, పిండడం, ఒలికింది తుడవడం. ఇరవై నిమిషాలు మాటా పలుకూ ఉండదు. ఫోన్ మోగినా నేను లేవను. చిన్న పిల్లలు కొద్దిపాటి నీళ్లలో కూడా చప్పుడు లేకుండా మునిగిపోగలరు. ఆట అవగానే నీళ్లు పారబోసి పళ్లెం బోర్లిస్తాను. ఆట ఆపించేటప్పుడు "ఐదు నిమిషాల్లో లేవాలి" అంటే దానికి అర్థం కాదు. "ఇంకో మూడు గ్లాసులు పోసి లేద్దాం" అంటే తనే లెక్కపెట్టుకుంటూ పోసి లేస్తుంది. ఈ ఒక్క మాట మార్చాక భోజనానికి ముందు పేచీ దాదాపు పోయింది.

నిద్ర లేచాక కాసేపు మత్తుగా ఉంటుంది, అప్పుడు ఏమీ అడగను. తర్వాత డాక్టరాట. నేను రోగిని, పడుకునే ఉంటాను, నాకూ నడుముకి విశ్రాంతి. మొన్న తన బొమ్మని నా పక్కన పడుకోబెట్టి, "ఏడవకు, అమ్మ ఆఫీసుకెళ్లింది, చీకటి పడ్డాక వస్తుంది" అంది. పొద్దున్న చెప్పకుండా జారుకోవడం మానేసి, వాళ్లమ్మ రోజూ చెప్పి వెళ్లే మాటలే అవి. చెప్పి వెళ్తే ఏడుస్తుందని మేమంతా భయపడ్డాం. ఏడ్చేది నిజమే, రెండు మూడు నిమిషాలు. చెప్పకుండా వెళ్లిన రోజుల్లో మాత్రం నేను వంటగదిలోకి వెళ్లినా కొంగు పట్టుకున్నట్టు చొక్కా పట్టుకుని వెంట వచ్చేది.

ఈమధ్య వారానికి ఒకటి రెండు రోజులు పగలు నిద్ర రావడం లేదు. ఈ వయసులో కొందరు పిల్లలు పగటి నిద్ర మానేస్తారు, బలవంతం పెట్టను. ఆ రోజుల్లో కూడా ఒంటిగంటకి కర్టెన్లు వేసి, రెండు బొమ్మల పుస్తకాలిచ్చి ముప్పావుగంట మంచం మీదే ఉండమంటాను. నేనూ పక్కనే నడుం వాలుస్తాను. రాత్రి అరగంట ముందు పడుకోబెట్టమని అమ్మాయికి ఫోన్లో చెబుతాను.