మా కారం మిల్లుకి రెండోసారి రాసిన స్వాట్

గుంటూరులో మాది చిన్న కారం మిల్లు. మిర్చి యార్డులో కొనుగోళ్లు నాన్న చూస్తారు, మిల్లు లోపలి పని అన్నయ్యది, బిల్లులూ వసూళ్లూ నావి. వ్యాపారం నడపడానికి బ్యాంకులో ఎప్పటికప్పుడు వాడుకునే అప్పు, అంటే సీసీ లిమిట్ పెంచమని అడిగినప్పుడు వ్యాపార ప్రణాళిక ఇమ్మన్నారు, అందులో మన బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు రాసే స్వాట్ కూడా ఉండాలన్నారు. ఒక రాత్రి కూర్చుని నాలుగు గళ్లు గీసి నింపేశాను. నాణ్యత, నమ్మకం మా బలాలు. పెట్టుబడి తక్కువ, అది బలహీనత. ఆన్‌లైన్ అమ్మకాలు అవకాశం. పోటీ, మిర్చి ధరలు పెరగడం ముప్పు. లిమిట్ వచ్చింది, కాగితం ఫైల్లోకి వెళ్లిపోయింది.

ఏడాది తర్వాత రెన్యువల్ కోసం తీసి చూస్తే తేదీ తప్ప ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని కనపడలేదు. ఆ ఏడాది మేం చేసిన ఏ పనికీ ఆ కాగితంతో సంబంధం లేదు, పైన పేరు మారిస్తే పక్క మిల్లు వాళ్లకీ సరిపోతుంది. అప్పుడు నిజంగా బాధనిపించింది. విజయవాడలో ఎంబీఏ పిల్లలకి పాఠాలు చెప్పే మా వదినకి చూపిస్తే, ఇది మన ఒక్కళ్ల సంగతే కాదంది. 1997లో హిల్, వెస్ట్‌బ్రూక్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్‌లో 20కి పైగా కంపెనీల స్వాట్‌లు పరిశీలించారట. ఎక్కువ భాగం పొడుగాటి జాబితాలే, వాటిని ఆ తర్వాత ఎవరూ ఏ పనికీ వాడుకోలేదని తేల్చారట.

ఒక ఆదివారం నలుగురం మిల్లులోనే కూర్చున్నాం. గోడకి చార్టు అంటించి తలా ఒకటి చెబుతూ పోతే 22 పాయింట్లు వచ్చాయి. వదిన ముందు వాటిని సర్దించింది. ప్రతి పాయింట్ దగ్గరా ఒకటే అడిగేది: "రేపు మన మిల్లు మూసేసినా ఈ మాట నిజమేనా?" నిజమే అయితే అది బయటి సంగతి, అంటే అవకాశమో ముప్పో. కాకపోతే అది మన లోపలిది. ఈ ప్రశ్నకే 'ఆన్‌లైన్‌లో అమ్మాలి' అన్నది అవకాశాల గడిలో నిలబడలేదు, ఎందుకంటే అది అవకాశం కాదు, మనం చేయాలనుకుంటున్న పని. మరి ఆ పని వెనక బయట నిజంగా ఏముంది, ఎవరు అడిగారు, ఎంత అడిగారు అంటే మా దగ్గర జవాబు లేదు.

తర్వాతిది కష్టమైన భాగం. ప్రతి పాయింట్ పక్కన ఒక్క పని రాయాలి, ఆ పనికి ఒక మనిషి పేరు, ఒక తేదీ, అయిందో లేదో చూడగానే తెలిసే ఒక గుర్తు ఉండాలి. మొదటి గంటలో మేం రాసినవన్నీ 'శ్రద్ధ పెట్టాలి', 'మెరుగుపరచాలి' లాంటివే. వదిన అన్నీ కొట్టేయించింది. "మామయ్యగారూ, శ్రద్ధ పెట్టారో లేదో నేను ఏం చూసి చెప్పాలి?" అని అడిగితే నాన్న కాసేపు మాట్లాడలేదు.

'నాణ్యత' దగ్గర ఇరుక్కుపోయాం. మన కారం బాగుంటుందని మనకెలా తెలుసు? ఏడాది బిల్లు పుస్తకాలు ముందేసుకుని ఎవరు మళ్లీ మళ్లీ కొన్నారో లెక్క తీశాను. 43 మంది ఖాతాదారుల్లో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు హోటళ్లూ మెస్సులూ 9. సరుకులో సగానికి పైగా వాళ్లదే, నెలకి సుమారు 600 కిలోలు. వాళ్లు మా దగ్గరికి ఎందుకొస్తున్నారంటే, మిర్చి రకాల్లో ఘాటు కోసం తేజ ఎంత, మిగతాది 334 ఎంత, రంగుకి బ్యాడిగి ఎంత అన్నది ఒక్కొక్కళ్లకి ఒక్కో పాళ్లలో అన్నయ్య ఆడించి ఇస్తాడు కాబట్టి. అందుకే 'నాణ్యత' అన్న మాట కొట్టేసి 'తొమ్మిది మందికి వాళ్ల పాళ్లలో ఆడించి ఇవ్వగలం' అని రాశాం. ఆ పాళ్లన్నీ అన్నయ్య బుర్రలోనే ఉండేవి, ఎక్కడా రాసి లేవు.

'పెట్టుబడి తక్కువ' కూడా ఇలాగే విప్పి చూశాం. యార్డులో నగదు పెట్టి కొంటాం, హోటళ్ల వాళ్లు రెండు నెలలకి ఇస్తారు. ఆ రోజుకి రావలసిన బాకీ 2 లక్షల 80 వేలు, అందులో ఎక్కువ భాగం ఈ తొమ్మిది మంది దగ్గరే ఉంది. అంటే మా బలం, మా బలహీనత ఒకే తొమ్మిది పేర్ల దగ్గర ఉన్నాయి. గళ్లను విడివిడిగా చూసినన్నాళ్లూ నాకు ఇది కనపడలేదు. ఇలాగే లోపలి పాయింటుని బయటి పాయింటుతో కూడా జత కట్టి చూడాలని, ఆ పద్ధతిని 1982లో హైంజ్ వైరిక్ అనే ప్రొఫెసర్ రాశాడని వదిన చెప్పింది.

ఇక ముప్పు. నేను 'ధర పెరగడం' అని రాస్తే నాన్న ఒప్పుకోలేదు. "పడినా మునుగుతాం రా, 2025 ఫిబ్రవరి మర్చిపోయావా?" అన్నారు. ఆ నెలలో ధరలు ఎంత పడిపోయాయంటే కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు లెక్క కట్టి ఆదుకుంటామని చెప్పాల్సి వచ్చింది. అప్పటికే సరుకు కొని పెట్టుకున్నవాళ్లు నష్టపోయారు. కాబట్టి ముప్పు ధర పెరగడం ఒక్కటే కాదు, ఎటైనా మారడం. అది మమ్మల్ని దెబ్బతీసేది ఆర్డర్ లేకుండా సరుకు పెట్టుకోవడం వల్లా, ఆర్డర్ ఉన్నప్పుడు చేతిలో సరుకు లేకపోవడం వల్లా. ధరని మేం ఆపలేం గాని ఈ రెండూ మా చేతిలోవే.

మూడు పాయింట్లకీ కలిపి ఒకే పని వచ్చింది. తొమ్మిది హోటళ్లకీ మూడు నెలలకి ఒకే ధర ఖాయం చేస్తాం, నెలకి ఎన్ని కిలోలో వాళ్లు ముందే చెప్పాలి, డబ్బు 15 రోజుల్లో ఇవ్వాలి. వాళ్లు ఖాయం చేసినంత వరకే మార్చిలో సీజన్ ధరకి కొని కోల్డ్ స్టోరేజీలో పెడతాం, ఒక్క బస్తా కూడా ఎక్కువ కొనం. తొడిమలూ తాలూ పోను బస్తాకి 35 కిలోల కారం వస్తుందనుకుంటే తొమ్మిది మందికీ మూడు నెలలకి 51, 52 బస్తాలు కావాలి, దానికి సుమారు మూడు లక్షలు. అంటే దాదాపు మా బాకీ అంతే. హోటళ్లతో మాట్లాడటం నా పేరున, మార్చి 10 లోపు. పాళ్లు కార్డుల మీద రాయడం అన్నయ్య పేరున. కొనుగోలు నాన్నది.

మిగతావి చిన్నవి. మే నెలలో మర వేడెక్కి కారం రంగు నల్లబడుతోందని వస్తున్న ఫిర్యాదుకి, ఏప్రిల్ 1 నుంచి తెల్లవారుజామున 5కి మొదలుపెట్టి 10కి మర ఆపేయాలని రాశాం. ఆన్‌లైన్ దగ్గర మాత్రం ప్యాకింగ్, లేబుళ్లు, కొరియర్ ఎవరు చూస్తారని అడిగితే ఎవరూ పేరు ఇవ్వలేదు. నాన్నకి అదంటే ఇష్టం, అయినా కొట్టేశాం. 22 పాయింట్లలో చివరికి 8 మిగిలాయి, పనులు 5.

హోటళ్ల దగ్గరికి వెళ్తే ఆరుగురే ఒప్పుకున్నారు. ఇద్దరు 15 రోజులు కుదరదన్నారు. ఇంకొకాయన ధర పడితే తనకి నష్టమన్నాడు, ఆయన మాట నిజమే కాబట్టి నేను బలవంతం చేయలేదు. ఆ ఆరుగురి లెక్క ప్రకారం 33 బస్తాలే కొన్నాం. 50 కొందామని నాన్న చాలాసార్లు అన్నారు, గోడ మీద రాసిన మాట చూపించి ఆపాను. జూన్ 30కి బాకీ 1 లక్షా 30 వేలకి దిగింది. అందులో 90 వేలు ఒప్పుకోని ముగ్గురివే. పాళ్ల కార్డులు మాత్రం ఆరింటిలో నాలుగే అయ్యాయి, అన్నయ్య రెండుసార్లు తేదీ మార్చాడు.

మొన్న మళ్లీ చార్టు ముందు కూర్చున్నప్పుడు ఆ ముగ్గురి పేర్లు బలహీనత గడిలో విడిగా రాశాం. పక్కన పని: పాత బాకీ తీరేదాకా కొత్త సరుకు నగదు మీదే. నా పేరు, ఆగస్టు 15.