నిరుటి వానాకాలం మెయిల్‌కి ఈ ఏటి ప్రశ్న

రెయిన్‌కోట్లు అమ్మడానికి నిరుడు పంపిన మెయిల్‌నే ఈ ఏడూ వాడుకుందామని మళ్లీ తెరిచాం. సబ్జెక్ట్ లైన్‌లో మార్చాల్సింది మాటలు, దాని తీరు కాదు.

నిరుడు పనిచేసింది చిన్న ప్రశ్న: "వాన మొదలైంది, రెయిన్‌కోట్ ఉందా?" ఈసారీ ప్రశ్నే: "పాత రెయిన్‌కోట్ జిప్పు ఇంకా పడుతోందా?" జాబితాలో చాలామంది నిరుడు కొన్నవాళ్లేగా, "ఉందా" అంటే ఉందనే అంటారు.

కింద వరస కదపలేదు: ఇబ్బంది, వస్తువు, కొన్నవాళ్ల మాట, గడువు, బటన్. మొదటి రెండు వాక్యాలు, కొన్నవాళ్ల మాట మాత్రం కొత్తవి. "సరికొత్త" అని చల్లితే పొడవు పెరుగుతుంది, అంతే.

బటన్ లింకులో `utm_campaign=rain-2024` అలాగే ఉండిపోతే ఈ ఏటి క్లిక్కులు నిరుటి పేరు కిందే పడతాయి, రెండిటినీ పేరుతో విడదీసి పోల్చలేం. పంపేముందు పాత ఏడాది అంకె కోసం మెయిలంతా వెతకాలి. ఫొటో మీద రాసిన తేదీ మాత్రం సెర్చ్‌కి దొరకదు, కళ్లతోనే చూసుకోవాలి.