గుడి దీపపు సెమ్మెలు పోతవా, కొట్టినవా, మిషన్‌వా? నేను తేల్చుకున్న తీరు

మా గుడిలో గర్భగుడి ముందు రెండు ఇత్తడి దీపపు సెమ్మెలు ఉన్నాయి. దాదాపు రెండడుగుల ఎత్తు. కింద పీఠం, మధ్యలో కాడ, దాని మీద ఐదు ముక్కుల నూనె పళ్లెం, పైన హంస. పాత సామాన్లు కొనే ఒకాయన వాటిని చూసి, మొత్తం చేత్తో కొట్టిన పని, ఇప్పుడు ఇలాంటివి దొరకవు అన్నాడు. పాత్రల వ్యాపారి ఒకాయన మాత్రం ఇది మిషన్ సరుకే, తూకానికి ఇచ్చేస్తే కొత్త జత ఇస్తానన్నాడు. కమిటీ వాళ్లకు ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియలేదు. నేను చాలాకాలం లేత్ మీద పని చేసినవాణ్ణి, కొలిచే పనిముట్లు ఇంట్లోనే ఉన్నాయి. అందుకని ఆ పని నాకు అప్పగించారు.

లేత్ తెలుసు గానీ పోత పని నాకు పెద్దగా తెలియదు. కంచరి పని చేసి మానేసిన ఒక పెద్దాయన మా వీధిలోనే ఉంటాడు, బాబాయ్ అని పిలుస్తాను, ఆయన్ని తోడు రమ్మన్నాను. రాగానే ఆయన చెప్పిన మొదటి మాట: "పైపైన చూడకురా అబ్బాయ్, తిరగేసి చూడు. పైన అందరూ మెరుగు పెడతారు. అడుగున ఎవడూ పెట్టడు."

ముందు విడదీశాం. సెమ్మె ఒకటే ముక్క కాదు, మరలతో బిగించిన నాలుగు ముక్కలు. ఈ సంగతి మర్చిపోవడం వల్లే ఇద్దరు వ్యాపారులూ మొత్తానికి ఒకే మాట చెప్పేశారు. ఒక ముక్క విరిగితే గుడివాళ్లు ఆ ముక్క మాత్రమే మార్పించుకుంటారు. కాబట్టి ఏ ముక్కను ఎలా చేశారన్నది విడిగా అడగాలి.

మొదటి సెమ్మె పీఠం తిరగేస్తే జవాబు వెంటనే దొరికింది. లోపలంతా ఇసుక అద్దినట్టు గరుకు. అక్కడక్కడా సన్నటి గాలి రంధ్రాలు. ఒక చోట అంగుళం వెడల్పున ఆకురాయితో రుద్దిన చదును. కరిగిన ఇత్తడిని మూసలోకి పోసిన దారిలో గట్టిపడిన లోహాన్ని తెగ్గోసిన చోటు అదేనని బాబాయ్ వేలు పెట్టి చూపించాడు. అంచు మందం ఒక వైపు 4 మిల్లీమీటర్లు, ఎదురు వైపు 6 దగ్గర. మూస రెండు సగాలూ కొంచెం పక్కకు జరిగినా, మధ్యలో పెట్టిన దిమ్మ కదిలినా ఇలా అవుతుంది. కొట్టిన రేకుకు ఇంత మందం ఉండదు, లోపలి గరుకూ ఉండదు. ఇది ఇసుక పోత.

పీఠం బయటి వైపు మాత్రం గుండ్రటి గీతలు వరసగా ఉన్నాయి. పాత్రల వ్యాపారి మిషన్ అన్నది వీటిని చూసే. లేత్ గీతలు ఉన్నంత మాత్రాన కొత్త వస్తువు అయిపోదు. తమిళనాట కుంభకోణం దగ్గర నాచియార్‌కోయిల్ దీపాలు ఇసుక పోత పోసినవే. పోశాక ఒక్కో ముక్కనూ తరిమెన పట్టి నునుపు చేసి, తర్వాత మరలతో కలుపుతారు. కరెంటు రాకముందు తాడుతో తిప్పే తరిమెనల మీదా ఇదే పని జరిగేది. నేను చూసింది గీతలు ఉన్నాయా లేవా అని కాదు, వాటి మధ్య ఎడం ఎలా ఉందని. మోటారు లేత్ మీద ఉలి దానంతట అదే సమానంగా జరిగితే గీతల మధ్య దూరం అంతటా ఒకటే ఉంటుంది. ఈ పీఠం మీద ఒక చోట దగ్గరగా, ఒక చోట దూరంగా ఉన్నాయి. ఉలిని చేత్తో పట్టుకున్నారని దానర్థం. అది చెయ్యి సంగతే చెబుతుంది, ఏ సంవత్సరమో చెప్పదు.

తర్వాత కాడ. ఇదే ఎక్కువ సేపు కూర్చోబెట్టింది. బయట చూస్తే ఏ గుర్తూ లేదు. మూస రెండు సగాలు కలిసిన చోట నిలువునా ఉండాల్సిన గీత ఎక్కడా కనపడలేదు. నునుపు చేసేటప్పుడు అది పోయి ఉండొచ్చు కాబట్టి, లేదు కదా అని, మైనం నమూనా చుట్టూ ఒకటే మట్టి మూస కట్టి, మైనం కరిగించేసి పోసే మైనపు పోత అనడానికి లేదు. లోపల ఏముందో తెలియాలి. కొత్త సెమ్మెల్లో చాలావాటికి కాడ బోలుగా ఉండి, మధ్యలో ఒక ఇనుప కడ్డీ పోయి, పీఠం అడుగున నట్టుతో బిగుస్తుంది. అయస్కాంతం రెండు చివర్లకూ ఆనించి చూశాను, పట్టలేదు. కానీ కడ్డీ మధ్యలో మూసుకుపోయి ఉంటే మందపాటి ఇత్తడి మీంచి అయస్కాంతానికి తెలియకపోవచ్చు.

అందుకే నీళ్లలో తూచాను. ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు. నీళ్లున్న బకెట్‌ను పది కిలోల కాటా మీద పెట్టి, కాటాను సున్నా చేసి, కాడను సన్నటి తాడుతో పూర్తిగా మునిగేలా వేలాడదీశాను. అడుగుకూ గోడలకూ తగలకూడదు. అప్పుడు కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ వస్తువు ఘనపరిమాణం అన్ని మిల్లీలీటర్లు. కింది చివర చిన్న గుండ్రటి మచ్చ ఉంటే, నీళ్లు లోపలికి పోకుండా దాని మీద ముందే మైనం అద్దాను.

కాడ బరువు 1,960 గ్రాములు. నీళ్లలో కాటా చూపించింది 262. భాగిస్తే మిల్లీలీటరుకు 7.48 గ్రాములు. గట్టి ఇత్తడి అయితే 8.4, 8.5 దగ్గర రావాలి. లోపల ఇనుప కడ్డీ ఉందనుకుంటే, ఇనుము 7.85 కాబట్టి రెండూ కలిసినా అంతకంటే తగ్గే వీలు లేదు, మధ్యలో ఖాళీ ఉంటే తప్ప. కాబట్టి లోపల ఇనుము కంటే తేలికైనదేదో ఉండాలి, లేదంటే గాలే ఉండాలి. జింకు మిశ్రమం మీద ఇత్తడి పూత వేసిన సరుకు కూడా తేలిగ్గానే తూగుతుంది. అయితే మర దగ్గర అరిగిన చోట కూడా లోహం పసుపుగానే ఉంది, తెల్లగా లేదు.

మైనం తీసి ఆ మచ్చను సూదితో గీకితే నల్లగా కాలిన మట్టి పొడి రాలింది. బాబాయ్ దాన్ని వేళ్ల మధ్య నలిపి, "గర్భం మట్టి, తీయకుండా వదిలేశారు" అన్నాడు. లోహం ఆదా కావడానికి కాడ మధ్యలో కాల్చిన మట్టి కడ్డీ పెట్టి దాని చుట్టూ పోత పోస్తారు. లెక్క కూడా దానితో కుదిరింది. 30 సెంటీమీటర్ల పొడవు కాడలో సుమారు 40 మిల్లీలీటర్ల మట్టి ఉంటే ఆ 7.48 వస్తుంది, అంటే మధ్యలో బొటనవేలి కంటే సన్నటి మట్టి కడ్డీ. కాడ పోత అని తేలింది. ఇసుకలో పోశారా, మైనం కరిగించి పోశారా అన్నది మాత్రం మట్టి గర్భం చెప్పదు, రెండు పద్ధతుల్లోనూ అది ఉంటుంది. అంతవరకే రాసుకున్నాను.

పళ్లెం దగ్గరికి వస్తే చేత్తో కొట్టిన పని అన్నాయన సగం నిజమే చెప్పాడు. మొదటి సెమ్మె పళ్లేన్ని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అడుగున సుత్తి దెబ్బల చదునులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపించాయి. అవి వరసల్లో లేవు, సైజూ ఒకటి కాదు. పాత పని అనిపించడానికి మిషన్ పళ్లేనికి పైనుంచి సుత్తి గుర్తులు వేసి అమ్మడం కూడా ఉంది కాబట్టి గుర్తులతో ఆగకుండా మందం కొలిచాను. అంచు దగ్గర 1.6 నుంచి 1.7 మిల్లీమీటర్లు. నడి అడుగున ఒక చోట 1.0, పక్కనే 1.2. రేకును గుంట మీద పెట్టి మధ్యలో కొట్టుకుంటూ పోతే అక్కడ సాగి పలచబడుతుంది, అంచు దాదాపు మొదటి మందంలోనే మిగులుతుంది. దెబ్బ దెబ్బకూ తేడా ఉంటుంది కాబట్టి కొలతలు అలా ఎగుడుదిగుడుగా వస్తాయి. పైపైన గుర్తులు వేసిన పళ్లేనికి ఈ తేడా రాదు.

రెండో సెమ్మె పళ్లెం బయటికి సరిగ్గా దీని జతలాగే ఉంది. లోపల మాత్రం నడి మధ్య నుంచి అంచు దాకా ఒకే ఎడంతో సన్నటి వలయాలు. మందం అడుగున ఎక్కడ కొలిచినా 0.8, కేవలం వంపు తిరిగే చోట కాస్త తక్కువ. తిరిగే అచ్చు మీద రేకును నొక్కి ఆకారం తెచ్చే స్పిన్నింగ్ పని ఇది. అంచు పలచగా కనపడకుండా లోపలికి మడిచారు. గోటితో కొడితే మొదటిది కాసేపు మోగుతుంది, ఇది టక్కుమని ఆగిపోతుంది. కానీ శబ్దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను. చిన్న పగులున్నా, నూనె జిడ్డు గట్టిపడి ఉన్నా అది మారిపోతుంది.

మరలు చూడటం నాకు ఇష్టమైన పని. రెండు కాడల మరలూ చేత్తో కోసినవి, కొనలు మొద్దుగా ఉన్నాయి, చుట్టు చుట్టుకూ లోతు మారుతోంది. ఒకదాని పీఠం ఇంకోదాని కాడకు ఎక్కదు. చేసినవాళ్లకు ఆ సంగతి తెలుసు కాబట్టే ఒక సెమ్మె ముక్కలకు ఒక గాటు, రెండోదానికి రెండు గాట్లు పెట్టారు. మొదటి పళ్లెం అడుగున ఒక గాటు ఉంది. స్పిన్నింగ్ పళ్లేనికి ఏ గాటూ లేదు.

హంసలు రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయి. ఎడమ రెక్క మూడో ఈక కొన రెండింటికీ ఒకే చోట విరిగి ఉంది. అంటే రెండూ ఒకే నమూనా నుంచి వచ్చాయి. అదొక్కటే కొత్తదనానికి గుర్తు కాదు, పాత ఇసుక పోతలోనూ నమూనా ఉంటుంది. తేల్చింది వాటి మర. హార్డ్‌వేర్ షాపులో కొన్న M10 నట్టు ఏ అడ్డూ లేకుండా చివరిదాకా ఎక్కింది. పది చుట్లకు 15 మిల్లీమీటర్లు వచ్చింది, మెట్రిక్ మర. మన దేశం మెట్రిక్ కొలతల వైపు మళ్లింది 1956 చట్టం తర్వాత. బ్రిటిష్ కాలపు 3/8 అంగుళం విట్‌వర్త్ మర అయితే అంగుళానికి 16 చుట్లు, పదింటికి దాదాపు 15.9 మిల్లీమీటర్లు వచ్చేది. పది చుట్లు కొలిస్తేనే ఈ తేడా దొరుకుతుంది, ఒక్క చుట్టు కొలిస్తే చేతికి అందదు.

ఇక రంగు. పీఠాల మలుపుల్లో నల్లటి జిడ్డు గట్టిపడి ఉంది, చేతులు పడే చోట అరిగి మెరుస్తోంది. చింతపండుతో తోమీ తోమీ అక్కడక్కడా ఎర్రబారింది కూడా, పులుపు ఇత్తడిలో జింకును లాగేస్తే రాగి ఛాయ తేలుతుంది. మందు పూసి పాతబరిచిన వస్తువుకు నలుపు అరిగే చోటా అరగని చోటా సమానంగా ఉంటుంది. మా సెమ్మెల్లో అలా లేదు.

కమిటీ రిజిస్టర్‌లో రెండు సెమ్మెలకూ వేర్వేరు పేజీలు పెట్టి ముక్కవారీగా రాశాను. మొదటిది: పీఠం ఇసుక పోత, కాడ మట్టి గర్భంతో పోత, పళ్లెం చేత్తో కొట్టింది, హంస మెట్రిక్ మరతో తర్వాత చేర్చింది. రెండోది: పీఠం, కాడ అవే, పళ్లెం స్పిన్నింగ్, హంస తర్వాత చేర్చింది. ఎన్నేళ్లవి అన్న గడి ఖాళీగా వదిలాను. కార్యదర్శిగారు "కనీసం వందేళ్లని రాయండి సార్" అని చాలాసేపు పట్టుబట్టారు. వందేళ్లు దాటిందంటే 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, ఊరికే రాసే అంకె కాదది అన్నాను. తూకానికి ఇవ్వడం మాత్రం అక్కడితో ఆగింది. రెండో సెమ్మెకు కొట్టిన పళ్లెం చేయిస్తే ఎలా ఉంటుందని ఇప్పుడు అడుగుతున్నారు. చేయిస్తే దాని అడుగున తేదీ చెక్కించమని చెప్పాను.