కుడి కాలు అంచు

మాది పర్లాకిమిడి. టైలర్‌ని, 67 ఏళ్లు. నా ప్యాంటు కుడి కాలు అంచు నేలకు రాస్తోందని మొదట చూసింది మా ఆవిడే. కొలత తప్పానేమో అనుకుని అర అంగుళం మడిచి కుట్టేశాను. గుడ్డ తప్పు కాదు, మోకాలి కింద ఎముక ముందుకు వంగి కాలే పొట్టిదవుతోంది. అక్కడ చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది.

రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 640 వచ్చింది. 130 లోపు ఉండాలట. మా ఊళ్లో చూపించిన డాక్టరు కాగితం నుంచి తల ఎత్తకుండానే "లివర్ పాడైంది, మందు మానెయ్" అన్నాడు. జీవితంలో చుక్క ముట్టినవాణ్ని కాదు. బయట బెంచీ మీద నలుగురు విన్నారు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. మూడు నెలలు లివర్ మాత్రలు మింగాను.

విశాఖలో ఎముకల డాక్టరు ముందు ఆ కాలు తడిమి చూశారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ లివర్ నుంచీ వస్తుంది, ఎముక నుంచీ వస్తుందట. నా జీజీటీ, మిగతా లివర్ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. అంటే ఎముకదే. క్యాన్సర్ పాకలేదని తేల్చుకోడానికి ప్రోస్టేట్ పరీక్ష, బోన్ స్కాన్ చేయించారు. ఆ వారం గురించి రాయలేను. చివరికి పాజెట్స్ జబ్బన్నారు. పాత ఎముకను తినేసే కణాలు అదుపు తప్పుతాయి, దానికి పోటీగా కొత్త ఎముక హడావుడిగా, గజిబిజిగా పేరుకుంటుంది. లావుగా ఉంటుంది గానీ గట్టిగా ఉండదు. నాకు పిచ్చి కుట్టు గుర్తొచ్చింది, దారం ఎక్కువ, పట్టు తక్కువ.

ఎముకను తినేసే ఆ కణాలను అదుపుచేసే మందు జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, ఒకటే సెలైన్. అయితే వెంటనే ఎక్కించలేదు. కిడ్నీ పరీక్ష చూశారు, పుచ్చిన పన్ను ముందే తీయించమన్నారు, తక్కువగా ఉన్న విటమిన్ డి సరిచేశాక రమ్మన్నారు.

ఎక్కించిన రాత్రి శ్రీకాకుళంలో అమ్మాయి ఇంట్లో ఉన్నాం. రెండింటికి వణుకు మొదలైంది. జ్వరం 102, ఒళ్లంతా ఎవరో రోకలితో దంచినట్టు నొప్పులు. "ఏటండీ ఇది, ఉన్న కాలు బాగుచేయించుకుందామని వస్తే" అని మా ఆవిడ అరసవల్లి దేవుడికి మొక్కేసింది. అబ్బాయి ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు ఒకటే అడిగారు: "పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం ఉన్నాయా?" ఉంటే కాల్షియం పడిపోయినట్టు, వెంటనే రావాలి. లేకపోతే మొదటి డోసుకు చాలామందికి వచ్చే జ్వరమే, పారాసెటమాల్ వేసి నీళ్లు తాగించండి అన్నారు. తెల్లారేదాకా నాలుకతో పెదాలు తడుముకుంటూ పడుకున్నాను. తిమ్మిరి రాలేదు. మూడో రోజుకు జ్వరం పోయింది.

ఈ జ్వరం సంగతి సెలైన్ పెట్టేటప్పుడే ఒక్క ముక్క చెబితే ఏం పోయింది వాళ్లకి? అయినా ఫోన్ ఎత్తినాయనకు దండం పెడతాను.

ఆరు నెలలకు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 95కి దిగింది. కాలిలో వేడి లేదు, రాత్రిపూట సలుపు లేదు. వంకర మాత్రం అలాగే ఉంది, మందుతో అది పోదని ముందే చెప్పారు. ఇప్పుడు నా ప్యాంటు కుడి కాలు కత్తిరించేటప్పుడే అర అంగుళం తగ్గిస్తున్నాను.